లింకు డాక్యుమెంట్లు అడిగే పద్ధతి: 14 నంబర్ల జాబితాలో బయటపడిన నానమ్మ వాటా

పాత ఇల్లు కొనేవాళ్లు లీగల్ ఒపీనియన్ కోసం అడ్వకేటు దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో ఉండేవి సగం కాగితాలే. హక్కు ఇంతకు ముందు ఎలా చేతులు మారిందో చూపే లింకు డాక్యుమెంట్ల వంటి మిగతా సగం ఎలా అడిగామన్న దాని మీదే ఒపీనియన్ ఎంత గట్టిగా ఉంటుందన్నది ఆధారపడుతుంది. ఇలాంటి ఫైళ్లలో తరచూ ఎదురయ్యే పరిస్థితులను ఒకే ఇంటి మీదకు చేర్చి, పేర్లు లేకుండా ఈ కేసు రాస్తున్నాం.

కోస్తా ఆంధ్రలో ఒక మునిసిపాలిటీ. 200 చదరపు గజాల స్థలంలో ఇల్లు. కింది అంతస్తు 1996లో, పై అంతస్తు 2018లో కట్టారు. కొనేవారు అడ్వాన్సు ఇచ్చి 90 రోజుల గడువుతో అగ్రిమెంటు రాయించుకున్నారు. మిగతా సొమ్ము బ్యాంకు లోను. ఆయన తెచ్చిన కాగితాలు నాలుగు: అమ్మేవారికి ఆయన చెల్లెలు 2016లో రాసిచ్చిన హక్కు విడుదల దస్తావేజు జిరాక్సు, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే 13 ఏళ్ల ఈసీ, ఈ ఏడాది ఇంటి పన్ను రసీదు, అమ్మేవారి ఆధార్.

మామూలుగా వెళ్లే మెసేజీ

ఈ దశలో చాలా ఆఫీసుల నుంచి వెళ్లే వాట్సాప్ మెసేజీ ఇలా ఉంటుంది: "సార్, లింకు డాక్యుమెంట్లు, పాత ఈసీ, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ప్లాను పంపండి." రెండు రోజుల్లో ఏడెనిమిది ఫొటోలు వస్తాయి. కింద "అన్నీ పంపాం సార్" అని ఉంటుంది. పంపినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు అర్థమైనవన్నీ పంపారు.

తప్పు అడిగిన తీరులోనే ఉంది. లింకు డాక్యుమెంట్లంటే ఎన్ని, ఏ సంవత్సరానివి? పాత ఈసీ అంటే ఎప్పటి నుంచి? డెత్ సర్టిఫికెట్ ఎవరిది? ఈ ఇంటి విషయంలో చూడాల్సిన మరణాలు రెండు. "డెత్ సర్టిఫికెట్" అని ఏకవచనంలో అడిగితే ఒకటే వస్తుంది, అది రాగానే ఆ మాట మీద మన మనసులోనూ టిక్కు పడిపోతుంది. రెండోది గుర్తుకు వచ్చే అవకాశం అక్కడితో పోతుంది.

ఇంకో చిక్కు ఉంది. మన క్లయింటు కొనేవారు, కాగితాలు ఉండేది అమ్మేవారి దగ్గర. మన మెసేజీని ఆయన అమ్మేవారికి పంపుతారు, అమ్మేవారు సగం దాన్ని తల్లికి చదివి వినిపిస్తారు, మిగతా సగం మీసేవలో చూపిస్తారు. అంటే జాబితాలో ప్రతి నంబరూ మనతో ఎప్పుడూ మాట్లాడని మనిషికి కూడా విడిగా అర్థం కావాలి.

ముందు గొలుసు, తర్వాతే జాబితా

ఆఫీసులో తయారుగా ఉండే ఫారం తీసి పంపడం సులువే. కానీ ఆ ఫారానికి ఈ కుటుంబం తెలియదు. అందుకే ముందు ఒక తెల్లకాగితం మీద హక్కు చేతులు మారిన వరస గీయాలి. ఉన్న నాలుగు కాగితాలతో, ఫోనులో పది నిమిషాలు మాట్లాడితే తేలిన వరస ఇది. 1978లో ఒకాయన 400 గజాలు కొన్నారు. 1994లో అందులో తూర్పు వైపు 200 గజాలు అమ్మేవారి తండ్రికి అమ్మారు. తండ్రి 2009లో పోయారు. 2016లో కూతురు తన హక్కును అన్నకు విడుదల చేశారు. ఇప్పుడు అన్న అమ్ముతున్నారు.

ఈ వరసలో హక్కు ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లిన ప్రతిచోటా ఒక బాణం గుర్తు పెట్టి, ఒక్కో బాణానికి ఒక్కో నంబరు ఇవ్వాలి. మరణం దగ్గర మాత్రం బాణం ఒకటి కాదు, ఎంతమంది వారసులుంటే అన్ని. ఈసీకి కాల వ్యవధిని బట్టి నంబర్లు ఇవ్వాలి. ఒక నంబరు కింద రెండు కాగితాలు ఎప్పుడూ పెట్టకూడదు. "తండ్రి మరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం" అని ఒకే నంబరులో రాస్తే ఒకటి రాగానే ఆ నంబరు సగం తీరినట్టు మిగిలిపోతుంది, రెండో వారానికి ఏ సగం రాలేదో ఎవరికీ గుర్తుండదు.

పంపిన జాబితా

మూడో రోజున క్లయింటుకు వెళ్లిన కాగితం సారాంశం ఇది. ప్రతి నంబరు దగ్గరా ఏ కాగితం, ఎలాంటి కాపీ, ఎక్కడ దొరుకుతుంది అన్న మూడూ ఉన్నాయి.

1. 1994 క్రయ దస్తావేజు, తండ్రిగారి పేరున. అసలు చూపాలి. అమ్మేవారి దగ్గర ఉండాలి.
2. 1978 క్రయ దస్తావేజు. సర్టిఫైడ్ కాపీ చాలు. నంబరు, సంవత్సరం 1994 దస్తావేజులో రాసి ఉంటాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవాలి.
3. ఈసీ, 1-1-1983 నుంచి నేటి వరకు, సర్వే నంబరు మీద.
4. ఈసీ, అదే కాలానికి, ఇంటి నంబరు మీద. పాత డోరు నంబరు, కొత్త డోరు నంబరు రెండూ ఇచ్చి అడగాలి.
5. ఈసీ, 1978 నుంచి 31-12-1982 వరకు. ఇది ఆఫీసు పుస్తకాల్లో వెతికించి తీసుకోవాల్సినది.
6. తండ్రిగారి మరణ ధ్రువీకరణ పత్రం (2009).
7. తండ్రిగారి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. తహసీల్దారు ఇచ్చినది.
8. తండ్రిగారు పోయిన రోజుకు ఆయన తల్లి జీవించి ఉన్నారా? ఆమె ఆ తర్వాత పోయి ఉంటే ఆమె మరణ పత్రం కూడా కావాలి. ముందే పోయి ఉన్నా మరణ పత్రం కావాలి.
9. తండ్రిగారు వీలునామా రాశారా? రాస్తే అసలు చూపాలి. రాయకపోతే "రాయలేదు" అని సంతకంతో ఒక వాక్యం.
10. 2016 హక్కు విడుదల దస్తావేజు. అసలు చూపాలి.
11. అమ్మేవారి తల్లిగారు తన వాటా గురించి రాసిచ్చిన దస్తావేజు ఉంటే అది. లేకపోతే "లేదు" అని రాయాలి.
12. కింది అంతస్తు మునిసిపల్ ప్లాను, 1996.
13. పై అంతస్తు మునిసిపల్ ప్లాను, 2018.
14. ఇంటి పన్ను రికార్డులో తండ్రిగారి పేరు నుంచి అమ్మేవారి పేరుకు మారినట్టు మునిసిపాలిటీ ఇచ్చిన కాగితం.

కింద జవాబు ఎలా ఇవ్వాలో కూడా రాశాం. ప్రతి నంబరు ఎదురుగా నాలుగు మాటల్లో ఒకటి మాత్రమే రాయాలి: "ఇచ్చాం", "ఫలానా తేదీకి ఇస్తాం", "వెతికాం, దొరకలేదు", "మాకు వర్తించదు, ఎందుకంటే". చివరి రెండింటి మధ్య తేడా పెద్దది. దొరకని కాగితానికి సర్టిఫైడ్ కాపీ తెప్పించవచ్చు. వర్తించదన్నదానికి కారణం రాస్తేనే అది నిజంగా వర్తించదో, వాళ్లు అలా అనుకుంటున్నారో మనకు తెలుస్తుంది. ఖాళీగా వదిలిన నంబరును మాత్రం రానట్టే లెక్కపెట్టాలి.

ఈసీకి మూడు నంబర్లు ఎందుకు

కొనేవారు తెచ్చిన 13 ఏళ్ల ఈసీలో కనిపించింది ఒక్కటే, 2016 విడుదల దస్తావేజు. అది చూసి "క్లియర్‌గా ఉంది" అన్నారట మధ్యవర్తి. 13 ఏళ్ల వెనక ఏముందో ఆ కాగితం చెప్పదు.

కంప్యూటర్ ఈసీ సాధారణంగా 1983 జనవరి 1 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్సు పుస్తకాలు వెతికించుకోవాలి. ఇక్కడ మూల దస్తావేజు 1978ది కాబట్టి అయిదేళ్ల ముక్క విడిగా మిగులుతుంది. అందుకే నంబరు 5 వేరు. పైగా మధ్యలో ఎప్పుడైనా కొత్త సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విడిపోయి ఉంటే, ఆ పాత ముక్క మాతృ ఆఫీసులో ఉంటుంది. కొత్త ఆఫీసుకు వెళ్లినవాళ్లకు అక్కడ ఏమీ దొరకదు. "లేదన్నారు సార్" అని తిరిగి వస్తారు.

నంబర్లు 3, 4 రెండూ ఒకే కాలానివి. అయినా విడిగా అడగడానికి కారణం ఉంది. ఈసీ వెతికేది మనం ఇచ్చిన ఆస్తి వివరాల మీదే. 1978, 1994 దస్తావేజుల్లో సర్వే నంబరే ఉంది, ఇల్లు కట్టలేదు కాబట్టి డోరు నంబరు లేదు. 2016 దస్తావేజులో డోరు నంబరు వచ్చింది. డోరు నంబరు మీద మాత్రమే వెతికిస్తే 1994 క్రయమే కనిపించకపోవచ్చు. తెలిసిన దస్తావేజులన్నీ ఈసీలో కనిపించాయా అన్నదే మొదటి పరీక్ష. 1994 దస్తావేజు చేతిలో ఉండి ఈసీలో లేకపోతే, వెతికిన వివరాల్లోనే లోపం ఉందని అర్థం, మనకు తెలియని దస్తావేజులు కూడా అలాగే తప్పించుకుని ఉండవచ్చు.

ఈసీ ఎంత పొడుగుది తెచ్చినా మరణం అందులో కనపడదు. రిజిస్టరు కాని కాగితం కనపడదు. అందుకే వారసత్వం ఉన్న ఫైలులో 6 నుంచి 11 వరకు నంబర్లకే ఎక్కువ సమయం ఇవ్వాలి.

పదో రోజున వచ్చినవి

జవాబు జాబితా రూపంలోనే వచ్చింది. ఫైళ్లకు నంబరుతో మొదలయ్యే పేర్లు పెట్టమని ముందే చెప్పాం కాబట్టి `01_sale_deed_1994.pdf`, `06_death_cert_father.pdf` ఇలా వచ్చాయి. వాట్సాప్ ఫొటోలతో పోలిస్తే దీనివల్ల ఆఫీసులో కనీసం ఒక పూట మిగులుతుంది.

నంబరు 1 చూడటానికి పూర్తిగానే ఉంది, కానీ ముందు వైపు పేజీలు మాత్రమే స్కాన్ చేశారు. పాత దస్తావేజుల్లో రిజిస్ట్రేషన్ తాలూకు ఎండార్స్‌మెంటు కాగితం వెనక వైపు ఉంటుంది. దస్తావేజు నంబరు, ఏ పుస్తకం, ఏ పేజీలు అన్నవి అక్కడే రాస్తారు. పేజీలు తగ్గాయేమో చూడటానికి సులువైన గుర్తు కూడా దస్తావేజులోనే ఉంటుంది: "మొత్తం కాగితముల సంఖ్య" అని, "ఈ కాగితపు వరుస సంఖ్య" అని రాసి ఉంటుంది. ఇక్కడ మొత్తం 6, అంటే రెండు వైపులా కలిపి 12 స్కాన్లు రావాలి. వచ్చినవి 6. కాబట్టి నంబరు 1 ఎదురుగా "కొంత వచ్చింది, వెనక వైపు 6 పేజీలు బాకీ" అని రాశాం. ఈ మాట మొదటి జాబితాలోనే "రెండు వైపులా" అని ఉండాల్సింది. ఇకపై దస్తావేజు అడిగే ప్రతి నంబరులో అది ఉండాలి.

నంబరు 2 విషయంలో ముందే "సర్టిఫైడ్ కాపీ చాలు" అని రాయడం పని చేసింది. 1978 అసలు కాగితం 400 గజాలకు చెందింది. పాత యజమాని మిగతా 200 గజాలు ఉంచుకున్నారు కాబట్టి అసలును ఆయనే ఉంచుకున్నారు. ఆ మాట రాయకపోతే అమ్మేవారు ముప్పై ఏళ్ల కిందటి కుటుంబాన్ని వెతుక్కుంటూ తిరిగేవారు. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకం నుంచి కాపీ ఎవరు దరఖాస్తు చేసినా ఇస్తారు.

నంబరు 7 వచ్చింది. తహసీల్దారు ఇచ్చిన పత్రంలో మూడు పేర్లున్నాయి: భార్య, కొడుకు, కూతురు. నంబరు 8 ఎదురుగా ఇలా రాశారు: "మాకు వర్తించదు, ఎందుకంటే నానమ్మ కూడా 2012లో పోయారు."

నంబరు 8

ఈ ఒక్క వాక్యం కోసమే "కారణం రాయండి" అన్న నియమం ఉంది. కారణం అడగకపోతే "వర్తించదు" అన్న మాట దగ్గరే ఫైలు ముందుకు వెళ్లిపోయేది.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవారు వీలునామా లేకుండా పోతే, వారి స్వార్జిత ఆస్తి మొదటి తరగతి వారసులకు వెళ్తుంది. ఆ తరగతిలో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు పోయిన వ్యక్తి తల్లి కూడా ఉంటారు. కుటుంబ సభ్యుల పత్రం అడిగేటప్పుడు ఇంట్లోవాళ్లు సాధారణంగా భార్యాపిల్లల పేర్లే ఇస్తారు. ఆ పత్రం పింఛను, బీమా వంటి అవసరాలకు సరిపోతుంది, ఆస్తి హక్కును తేల్చదు.

2009లో తండ్రి పోయినప్పుడు నానమ్మ ఉన్నారు. నంబరు 9 ప్రకారం వీలునామా లేదు. అంటే నలుగురికి తలా నాలుగో వంతు. నానమ్మ 2012లో పోగానే ఆమె నాలుగో వంతు ఆమె వారసులకు వెళ్లింది. తాతగారు అంతకు ముందే పోయారు. ఆమెకు ముగ్గురు పిల్లలు: పోయిన తండ్రిగారు, ఒక బాబాయి, ఒక మేనత్త. కాబట్టి ఆ నాలుగో వంతు మూడు భాగాలై బాబాయికి పన్నెండో వంతు, మేనత్తకు పన్నెండో వంతు, తండ్రిగారి శాఖకు పన్నెండో వంతు. చివరిది అమ్మేవారికి, చెల్లెలికి సగం సగం వస్తుంది.

ఇప్పుడు నంబరు 11 కలిపి చూడాలి. తల్లిగారు ఏమీ రాసివ్వలేదు. 2016లో విడుదల చేసింది చెల్లెలు ఒక్కరే, అదీ నానమ్మ పోయాక కాబట్టి ఆమె రెండు వాటాలూ అందులో వచ్చాయి. లెక్క కడితే అమ్మేవారి చేతిలో ఉన్నది పన్నెండింట ఏడు వంతులు. తల్లిగారివి మూడు, బాబాయివి ఒకటి, మేనత్తవి ఒకటి. అగ్రిమెంటు మాత్రం ఇంటి మొత్తానికీ కొడుకు ఒక్కరే రాశారు.

ఇందులో మోసం లేదు. ఆ ఇంట్లో ఎవరూ నానమ్మకు వాటా ఉందని అనుకోలేదు. బాబాయి, మేనత్త కూడా అనుకోలేదు. కానీ పదేళ్ల తర్వాత వాళ్ల పిల్లల్లో ఒకరు అనుకోవచ్చు, అప్పుడు కోర్టు నోటీసు అందుకునేది మన క్లయింటు.

రెండో జాబితా

రెండో ఉత్తరం రాసేటప్పుడు మిగిలినవాటికి మళ్లీ 1 నుంచి నంబర్లు వేయాలనిపిస్తుంది. వేయకూడదు. మిగిలిన నంబర్లు పాత అంకెలతోనే ఉండాలి, కొత్తవి 15 నుంచి మొదలవ్వాలి. మొదటి జాబితా ఇప్పటికే నలుగురి ఫోన్లలో ఉంది. "8 సంగతేమైంది" అంటే అందరికీ ఒకే కాగితం గుర్తుకు రావాలి. తీరిపోయిన నంబరును కూడా తీసేయకుండా "అందింది, ఫలానా తేదీ" అని ఉంచాలి.

పన్నెండో రోజున వెళ్లిన ఉత్తరంలో పాతవి మూడు: నంబరు 1 వెనక పేజీలు, నంబరు 8 కింద నానమ్మ మరణ పత్రం, నంబరు 13 ప్లాను. కొత్తవి ఆరు. నంబరు 15 ఈసీలోంచే పుట్టింది. సర్వే నంబరు మీద తీసిన ఈసీలో, తండ్రిగారు 2001లో ఒక బ్యాంకుకు రాసిన తనఖా కనిపించింది. అది తీరినట్టు మాత్రం ఎక్కడా లేదు. అప్పు ఎప్పుడో తీరిందని అమ్మేవారు చెప్పారు. నిజమే కావచ్చు, కానీ రిజిస్టరైన తనఖా విడుదల కూడా రిజిస్టరైతేనే ఈసీలో ఆ గీత మూసుకుంటుంది. అందుకని 15లో బ్యాంకు ఇచ్చే లోను ముగింపు లేఖ, 16లో రిజిస్టరైన తనఖా విడుదల రసీదు అడిగాం. లేఖ వస్తే చాలనుకుని ఒకే నంబరు పెట్టి ఉంటే రసీదు ఆగిపోయేది.

17లో నానమ్మ వీలునామా రాశారా అన్న ప్రశ్న. 18, 19, 20 వరసగా తల్లిగారు, బాబాయి, మేనత్త, ఒక్కొక్కరి సమ్మతి. ముగ్గురూ క్రయ దస్తావేజులో అమ్మేవారితో పాటు రాసిచ్చేవారుగా సంతకం చేస్తే సరిపోతుందని, ముందుగా వేరే విడుదల దస్తావేజు అక్కర్లేదని పక్కనే రాశాం. సంతకం ఒకే దస్తావేజులో అయినా నంబర్లు మూడు పెట్టడానికి కారణం, ముగ్గురిలో ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు బాకీ అన్నది విడివిడిగా కనపడాలి.

నంబరు 20 నుంచి ఇంకో నంబరు పుట్టింది. మేనత్త అమెరికాలో కొడుకు దగ్గర ఉన్నారు. రాలేరు. కాబట్టి 21: ఈ ఇంటికి మాత్రమే చెల్లే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ, అక్కడ నోటరీ ఎదుట లేదా భారత కాన్సులేటులో సంతకం చేసి ధ్రువీకరించినది. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి. ఆ తేదీ రుజువు కోసం కొరియర్ కవరు పారేయవద్దని కూడా అదే నంబరులో రాశాం. విడిగా ఫోనులో చెప్పి ఉంటే కవరు చెత్తబుట్టలో ఉండేది.

ఎలా తేలింది

16 కోసం బ్యాంకు శాఖలో పాత రికార్డు తీయించడానికి మూడు వారాలు పట్టింది. 21 నలభై ఎనిమిదో రోజున చేరింది. బాబాయి మొదట సంతకానికి తటపటాయించారు, తన వాటా సొమ్ము చెక్కు రూపంలో దస్తావేజులోనే రాస్తామన్నాక ఒప్పుకున్నారు. పాత అగ్రిమెంటు కొడుకు ఒక్కరిదే కాబట్టి నలుగురితో అదనపు అగ్రిమెంటు రాయించి గడువు మరో 30 రోజులు పెంచారు.

నంబరు 13 మాత్రం చివరి వరకు "వెతికాం, దొరకలేదు" దగ్గరే నిలిచింది. మునిసిపాలిటీలో అడిగితే పై అంతస్తుకు అసలు అనుమతి తీసుకోలేదని తేలింది. ఒపీనియన్‌లో ఆ సంగతి నంబరుతో సహా రాశాం. బ్యాంకు ఇంజనీరు విలువ కట్టేటప్పుడు పై అంతస్తును లెక్కలోకి తీసుకోలేదు, లోను ఆ మేరకు తగ్గింది. కొనేవారు దాన్ని చూపించి ధర మీద అమ్మేవారితో మళ్లీ కూర్చున్నారు.